నాలుగు గుండీల సేపు

జూన్ మొదటి సోమవారం పొద్దున పదింటికి, నేను రాసిన ఒక కృతజ్ఞత లేఖ వల్ల ఒక నర్సు ఉద్యోగమూ ఒక ముసలాయన ప్రాణమూ ఊడిపోబోతున్నాయని నాకు తెలిసింది. అప్పుడు నేను చెర్రీపండ్లు తింటున్నాను. గింజ మింగేశాను. అది ఇంకా లోపలే ఉందనీ, వేళ్ళు కూడా పట్టిందనీ నా అనుమానం.

మా ఊరు సెఫ్రూలో కోర్టు ప్రహరీని ఆనుకుని ఉన్న కమానుల కింద జనానికి ఉత్తరాలు రాసిపెట్టేవాళ్ళం ఇద్దరం మిగిలాం. ఒకరు సీ బుష్తా. పెద్దవాళ్ళని మేం గౌరవంగా సీ అనీ, లల్లా అనీ, బా అనీ అంటాం. ఆయన టైపు మిషను మీద ఒక్క అక్షరం కొడితే ఎదురు కేఫులో టీ గ్లాసులు గలగలలాడతాయి. నలభై ఏళ్ళుగా ఆ కుర్చీలోనే ఉన్నారు. మధ్యలో ఎప్పుడైనా లేచారనడానికి సాక్షులు లేరు. రెండోదాన్ని నేను, ఇల్హామ్. నాకు అరబ్బీ సాహిత్యంలో డిగ్రీ ఉంది, లాప్‌టాప్ ఉంది, ప్రింటరు ఉంది, కేఫులోంచి లాగిన కరెంటు తీగ ఉంది. ఉద్యోగం ఒక్కటే లేదు.

ఆఫీసులంటే భయపడేవాళ్ళంతా మా దగ్గరికొస్తారు. సీ బుష్తా వాళ్ళ భయాన్ని నాలుగు వాక్యాల్లోకి దించుతారు. నేను దాన్ని నలభై వాక్యాల్లోకి ఎక్కిస్తాను. ఒకసారి పక్కింటి కోడిపుంజు వేళాపాళా లేకుండా కూస్తోందని మునిసిపాలిటీకి ఫిర్యాదు రాయమన్నారు. దాని కూతలు నమ్మి మా వీధిలో ఒక పెళ్ళికొడుకు ఒకేరోజు రెండుసార్లు పెళ్ళికి బయల్దేరాడని రాశాను. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు వచ్చి కోడిని గంటసేపు గమనించి వెళ్ళారు. ఆ గంటసేపూ అది నోరు విప్పలేదు.

"నీ ఉత్తరాలు చదివి జనం నవ్వుతారు పిల్లా" అన్నారు సీ బుష్తా అప్పుడు. "నవ్వించడం సులువే. ఆ కాగితం పట్టుకుని ఒకడు కుర్చీలో కూర్చుని ఏదో ఒకటి చెయ్యాలి కదా. వాడేం చేస్తాడో ఆలోచించావా?"

నేను ఆలోచించలేదు. ఇన్‌స్పెక్టర్ల మొహాలు గుర్తొచ్చి ఇంకో వారం నవ్వుకున్నాను.

లల్లా తామో నా దగ్గరికొచ్చింది మే నెలలో. జలాబాలకి, అంటే మేం తొడుక్కునే పొడుగు అంగీలకి, పట్టుదారంతో గుండీలు అల్లే మనిషి. మాట్లాడుతున్నప్పుడూ నడుస్తున్నప్పుడూ తిట్టేటప్పుడూ ఆవిడ చేతిలో సూది ఆగదు. భర్త బా ఖద్దూర్‌కి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు మెషీన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాల్సిన మనిషి, మా ఊరి డయాలసిస్ కేంద్రంలో ఖాళీ లేక, ఏడాదిగా షేర్ టాక్సీలో పక్కనున్న ఫెజ్ నగరానికి వెళ్ళి రెండుసార్లతోనే సరిపెట్టుకున్నాడు. కాళ్ళు ఉబ్బిపోయి, మొహం సిమెంటు రంగులోకి తిరిగి ఉండేది. ఏప్రిల్‌లో మా ఊళ్ళోనే మెషీన్ పక్కన కుర్చీ దొరికింది. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున ఆరింటి బ్యాచ్. నెల తిరిగేసరికి మనిషి మనిషి రంగులోకొచ్చాడు.

"ఆ హెడ్ నర్సు రఖియాకి ఓ ఉత్తరం రాయి తల్లీ, థాంక్స్ చెబుతూ" అంది లల్లా తామో. "ఏప్రిల్‌లో ఓ మంగళవారం కుర్చీ సంగతి అడుగుదామని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నా. ఆవిడ లిస్టు చూసి ఫోన్లు చేస్తోంది. మొదటి ఫోన్‌కీ రెండో ఫోన్‌కీ మధ్య నాలుగు గుండీలు చేశా..."

"లల్లా, గుండీల గోల ఎవరికి కావాలి?"

"నాకు కావాలి. నా కథ, నా గుండీలు. ఆ తర్వాత, మొదటిరోజు మెషీన్ మీద మా ఆయనకి బీపీ పడిపోయింది. చచ్చిపోతున్నాననుకున్నాడు. వాళ్ళు చెయ్యాల్సింది చేశారు, తగ్గింది. కానీ భయం తగ్గలేదు. అప్పుడు ఆవిడకి టీ టైము. గ్లాసు పక్కన పెట్టేసి, పది నిమిషాలు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. టీ చల్లారిపోయింది. అది రాయి."

"పది నిమిషాలని రాస్తే ఏం బాగుంటుంది లల్లా?"

"పది నిమిషాలే కూర్చుంది మరి."

నేను రాసింది ఇది: 'ఓ రఖియా! మా కోసం నీవు కొండలను కదిలించావు. నిబంధనలను నుజ్జునుజ్జు చేశావు. ఇతరులకు మూసి ఉన్న ద్వారాన్ని మా కోసం ఒక్క తాపుతో బద్దలు కొట్టావు. జాబితాలను గాలికి వదిలి, కన్నతండ్రిని మోసినట్టు మా ఖద్దూర్‌ను మోసుకెళ్ళి మెషీన్ ముందు కూర్చోబెట్టావు!' ఇలా రెండు పేజీలు. చివర 'ప్రతులు' అని పెట్టి కేంద్రం డైరెక్టరు గారికి, జిల్లా ఆరోగ్యాధికారి గారికి, గవర్నరు గారికి అని చేర్చాను. ఐక్యరాజ్య సమితికి కూడా పంపేదాన్నే, కాగితం అడుగున చోటు చాల్లేదు.

లల్లా తామోకి చదవడం రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చాలా పొడుగుంది. గుండీలు ఉన్నాయా ఇందులో?"

"ఉన్నాయి లల్లా."

"పది నిమిషాలు?"

"అన్నీ ఉన్నాయి."

ఆవిడ నమ్మి వేలిముద్ర వేసింది.

ఆ సోమవారం చెర్రీ గింజ మింగించింది రఖియాయే. తెల్లకోటు మీద శాలువా కప్పుకుని ఎండలో నడిచొచ్చి నా బల్ల ముందు నిలబడింది. చేతిలో నా ఉత్తరం నకలు. దాని మీద మూడు స్టాంపులు.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే. బాగుందా?" అన్నాను. ఈ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెవులు కాలిపోతాయి.

"నీకు నేనేం అన్యాయం చేశాను?" అంది ఆవిడ. గట్టిగా కూడా అనలేదు. "మనం ఎప్పుడైనా కలిశామా? మీ ఇంట్లో ఎవరికైనా ఇంజెక్షన్ గట్టిగా పొడిచానా?"

"అది మిమ్మల్ని పొగుడుతూ రాసింది కదా..."

"లిస్టులో ఇంకా పదకొండుమంది ఉన్నారమ్మాయ్. వాళ్ళలో ఒకరు చచ్చిపోయేలా ఉన్నారు. జాబితాలను గాలికి వదిలిందట! జిల్లా ఆఫీసులో చదివారు. గవర్నరు ఆఫీసువాళ్ళు ఇదేంటని జిల్లా ఆఫీసుని అడిగారు. గురువారం పదింటికి కమిటీ వస్తోంది. అప్పటిదాకా లిస్టు ముట్టుకోవద్దన్నారు నన్ను. ఖద్దూర్ కుర్చీని 'తాత్కాలికం' అని రాసి పెట్టారు. నేను అక్రమం చేశానని తేలితే నేను బయటికి, ఆయన ఫెజ్ టాక్సీలోకి."

"ఫోన్లు రాసుకునే రిజిస్టరు ఉంటుంది కదా?"

"ఉంది. అది రాసేది నేను. దొంగతనం చేసినవాళ్ళు రాసుకున్న లెక్క ఎవరు నమ్ముతారు? నా మీద ఫిర్యాదు వచ్చుంటే కాదని చెప్పేదాన్ని. ఇది థాంక్స్! సాయం అందుకున్న మనిషే వేలిముద్ర వేసి చెబుతోంది, రూలు తప్పానని." ఆవిడ కాగితం మడిచి శాలువా కింద పెట్టుకుంది. "మా ఆయన లేడు. ముగ్గురు పిల్లలు. ఈ విషయం పైన ఎక్కడైనా చెప్పుకునే ముందు, రాసిన మనిషి మొహం చూద్దామని వచ్చాను."

చూసింది. వెళ్ళిపోయింది.

సీ బుష్తా టైపు మిషను ఆగిపోయి ఉంది. ఆయన అంతా విన్నారు. నేను ఆయన వైపు చూడకుండా, కేఫులో నీళ్ళు తాగి వస్తానని లేచి మా ఇంటికి పారిపోయాను.

మంచం మీద కూర్చుంటే మంచం, మంచంతోపాటు గోడమీది పటమూ ఊగాయని మా అమ్మ సాక్ష్యం చెబుతుంది. భయంలో నాకు తెలిసిన పని ఒక్కటే, రాయడం. డైరెక్టరు డాక్టర్ బెన్‌హద్దూకి ఉత్తరం రాశాను. ఈసారి కొండలు లేవు, తాపులు లేవు. మర్యాదగా ఒక పేజీ. మంగళవారం పొద్దున కేంద్రం తలుపు తీయగానే తీసుకెళ్ళి గుమాస్తాకి ఇచ్చాను. అతను స్టాంపు కొట్టి, ఇన్‌వర్డు నంబరు వేశాడు. నా పనికి మొదటిసారి సిగ్గుపడకుండా ఇంటికొచ్చాను.

మధ్యాహ్నానికి డాక్టర్ గారు రమ్మన్నారని కబురొచ్చింది.

ఆయన సన్నగా, పొడుగ్గా, సరిగ్గా ఇస్త్రీ చేసిన మనిషి. నా ఉత్తరం బల్లమీద పెట్టి వేలితో నావైపు తోశారు.

"చివరి వాక్యం చదువు."

చదివాను. "'ఈ విషయాన్ని ఇంతటితో ముగించి, నర్సు రఖియా గారి ఉద్యోగాన్నీ బా ఖద్దూర్ గారి కుర్చీనీ కాపాడినందుకు, ముందుగానే మీకు మా హృదయపూర్వక కృతజ్ఞతలు.'"

"కాపాడానా?"

"ఇంకా లేదండీ."

"కాపాడతానని నీతో అన్నానా?"

"లేదండీ. మర్యాదకి అలా రాస్తారు కదా అని..."

"గురువారం కమిటీవాళ్ళు ఫైలు తెరుస్తారు. అందులో ఈ కాగితం ఉంటుంది. వాళ్ళకేం అర్థమవుతుంది?"

నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనప్పుడు గదిలో ఫ్యాను కూడా తిరగడం ఆపేసిందేమో అనిపించింది.

"మీరు ముందే మాటిచ్చేశారని."

"ఆవిడ పన్నెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తోంది. నిన్నటిదాకా నేను ఆవిడ తరఫున మాట్లాడదామనుకున్నాను. ఇప్పుడు నేను నోరు విప్పితే థాంక్స్ తీసుకున్నవాడు పలికినట్టుంటుంది. అందుకని కమిటీలో నేను మాట్లాడను." ఆయన కోప్పడలేదు. కోప్పడితే కాస్త గాలి ఆడేది. "నాకు అవునో కాదో చెప్పే పని ఉంది. నువ్వు రెండో మాట తీసేసి మొదటిది ఒక్కటే నా చేతిలో పెట్టావు. పైగా థాంక్స్ అన్నావు."

"అది వెనక్కి ఇచ్చెయ్యండి డాక్టర్ గారూ. ఇక్కడే తినేస్తాను."

"నంబరు పడింది. నువ్వు కాగితం తిన్నా నంబరు ఉంటుంది."

తిరిగొచ్చేటప్పుడు వీధిలో ప్రతి అంగడివాడూ నన్నే చూస్తున్నాడనిపించింది. చేపలబండి మీద సార్డీన్లు కూడా నన్నే చూశాయి.

సీ బుష్తా ముందు కూలబడి రెండు ఉత్తరాల సంగతీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు. ఆయన రెండుసార్లు తుడవడం నేను అంతకుముందు చూడలేదు.

"మొదటి దాంట్లో ఆవిడ చెయ్యనివన్నీ చేసిందన్నావు. రెండో దాంట్లో ఆయన చెయ్యబోయేది కూడా చేసేశాడన్నావు."

"మంచికే రాశా సీ బుష్తా."

"ఇంకా నయం, చెడుకి రాయలేదు. సెఫ్రూ మిగిలేది కాదు. ఇదిగో విను. ఎవరినైనా ఏదైనా అడిగేటప్పుడు అడుగు. చేశాక థాంక్స్ చెప్పు. అడగడం, థాంక్స్ ఒకే కవరులో పెట్టావంటే ఎదుటిమనిషికి 'నువ్వు చేస్తావులే, చెయ్యక ఏం చేస్తావు' అన్నట్టు వినిపిస్తుంది. మనం రేపు కలుద్దాం అన్నా ఇన్షా అల్లాహ్ అంటాం కదా. నువ్వు ఆయనకి ఆ మాత్రం సందు కూడా వదల్లేదు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"నాకు తెలిస్తే నేనెందుకు రెండుసార్లు తుడుస్తాను?" కళ్ళజోడు పెట్టుకుని నావైపు తిరిగారు. "మొదటిసారి వచ్చినప్పుడు లల్లా తామో ఏం చెప్పింది నీకు? నువ్వు రాసింది కాదు. ఆవిడ చెప్పింది."

"ఏవో గుండీలు అంది."

"రేపు పొద్దున వెళ్దాం. రఖియాని కలవొద్దు, రిజిస్టరు చూడొద్దు. ఆవిడా లల్లా తామో మాట్లాడుకున్నారని తేలితే అదో కొత్త నేరం. లల్లా తామో కళ్ళతో చూసిందే కావాలి. ముందు నువ్వు ఆవిడకి అబద్ధం చెప్పావని చెప్పాలి. అది నేను చెప్పను."

బుధవారం పదిన్నరకి బా ఖద్దూర్ మెషీన్ నుంచి వచ్చి గుమ్మం పక్కన పరుపు మీద పడుకుని ఉన్నాడు. ఒంట్లో నీరు చేరకూడదని ఆయనకి లెక్క ప్రకారం రోజుకి అరగ్లాసు టీ. దాన్ని పావుగంటగా తాగుతున్నాడు. లల్లా తామో ఒళ్ళో దారాలు, చేతిలో సూది. చెప్పేశాను. మొత్తం. గుండీలు లేవని, పది నిమిషాలు లేవని, దాని బదులు కొండలున్నాయని.

సూది ఆగింది. ఆవిడ సూది ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఉన్నాయన్నావు."

"అబద్ధం చెప్పాను లల్లా."

"నా వేలు పెట్టించుకున్నావు దాని మీద." ఆవిడ బొటనవేలు తిప్పి చూసుకుంది, సిరా ఇంకా ఉందేమో అన్నట్టు. "ఆ నర్సు పిల్లని నేను చంపానా ఇప్పుడు?"

పరుపు మీంచి బా ఖద్దూర్ నెమ్మదిగా అన్నాడు, "తామో, నేను మళ్ళీ ఫెజ్ పోవాలా?"

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. రోజుకి దొరికే అరగ్లాసులో సగం అలాగే మిగిలిపోయింది.

"ఇటు చూడు" అంది లల్లా తామో, అల్లుతున్న గుండీ నా మొహం ముందుకి తెచ్చి. "దీనికి కాజా ఇంతే ఉండాలి. గొప్పగా ఉంటుందని ఇంత పెద్ద కాజా పెట్టావనుకో, నడివీధిలో జలాబా విప్పుకుంటుంది. నీకు ఇది కూడా తెలీదా? ఏం చదివావే నువ్వు?"

సీ బుష్తా టైపు మిషను ఒళ్ళో పెట్టుకున్నారు. ఏ రోజు, ఏ పూట, ఎక్కడ కూర్చున్నావు, ఏం విన్నావు అని ఒక్కొక్కటే అడిగారు. ఆవిడ చెబుతుంటే అంతకుముందు ఆవిడ మాటల్లో నేను ఎన్ని తుంచేశానో అన్నీ వరసగా బయటికొచ్చాయి. ఎక్కడ ఆవిడకి తెలియదో అక్కడ "తెలియదు" అనే రాశారు. ఉత్తరం మొత్తం ఇంతే:

'డైరెక్టరు గారికి. మే నెలలో నా పేరుతో వచ్చిన ఉత్తరంలోని మాటలు నేను చెప్పినవి కావు. నేను చెప్పింది ఇది. ఏప్రిల్ రెండో మంగళవారం పొద్దున (గంట ఎంతో నాకు తెలియదు) నేను నర్సు రఖియా గారి బల్ల ఎదుట బెంచీ మీద ఉన్నాను. ఆవిడ లిస్టు చూస్తూ ఒకరికి ఫోన్ చేశారు. ఆ మనిషి ఫెజ్ ఆసుపత్రిలో చేరి ఉన్నారని విన్నాను. నేను నాలుగు గుండీలు అల్లాక రెండోవారికి చేశారు. వాళ్ళది కొండ మీది ఊరు, ఆరింటికి రావడానికి బండి దొరకదన్నారు. రెండు గుండీల తర్వాత మూడోవారికి చేస్తే ఎత్తలేదు. రెండేసి గుండీలకి ఒకసారి, మొత్తం మూడుసార్లు చేశారు. ఆ తర్వాత నాకు చేశారు. నేను ఎదురుగానే ఉన్నా నా సెల్‌కే చేశారు. నేను ఎత్తి హలో అన్నాను. ఆవిడా హలో అన్నారు. అప్పుడే చెప్పారు, మాది నాలుగో పేరని.

మొదటి రోజు నా భర్త భయపడినప్పుడు, ఆవిడ తన టీ పక్కన పెట్టి పది నిమిషాలు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నేను థాంక్స్ చెప్పాలనుకున్నది ఆ పది నిమిషాలకి. మిగతాది ఆవిడ అందరికీ చేసే పని.'

అడుగున లల్లా తామో వేలిముద్ర. దాని కింద, 'మే నెల ఉత్తరంలోని అతిశయోక్తులు, నిన్నటి ఉత్తరంలోని చివరి వాక్యం నావి, వాటితో ఎవరికీ సంబంధం లేదు' అని నా సంతకం.

"చివర ఏం అడగడం లేదా?" అన్నాను. "కుర్చీ ఉంచమనైనా?"

"ఉంచాలో లేదో వాళ్ళకి తెలుసు. ఇది జరిగింది చెప్పే కాగితం" అన్నారు సీ బుష్తా. కాగితం లాగి, నాలుగు మూలలూ చూసి, నా చేతిలో పెట్టారు. "ప్రతులు ఎవరికీ వద్దు. నీ చెయ్యి దురదపెడితే గోడకి రుద్దుకో."

గురువారం పది నుంచి పదకొండున్నర దాకా లల్లా తామో, నేను కేంద్రం వరండాలో కూర్చున్నాం. తలుపు అవతల మెషీన్ల చప్పుడు. ఇవతల బెంచీ మీద, లిస్టులో ఉన్న ఎవరి తాలూకో ఒక నడివయసు మనిషి కూర్చుని మావైపు కళ్ళార్పకుండా చూస్తున్నాడు. నేను మాత్రం నా చెప్పుల వైపు చూస్తూ గడిపాను. నా ఎడమ చెప్పు కుట్టులో పంతొమ్మిది పోగులున్నాయి.

రఖియా లోపలికి పిలిచినప్పుడు వెళ్ళింది, బయటికొచ్చింది, మమ్మల్ని దాటుకుని వెళ్ళింది. మావైపు చూడకూడదని ఎవరో చెప్పారు కాబోలు. చూడలేదు.

తర్వాత మమ్మల్ని పిలిచారు. ముగ్గురున్నారు. మధ్యలో ఒకావిడ, గొలుసుకి వేలాడే కళ్ళజోడు. పక్కన డాక్టర్ బెన్‌హద్దూ, చెప్పినట్టే నోరు మూసుకుని. బల్లమీద రిజిస్టరు, నా రెండు ఉత్తరాలు, సీ బుష్తా కాగితం.

"గుండీలంటే ఏంటమ్మా ఇవి?" అంది గొలుసు కళ్ళజోడావిడ.

లల్లా తామో సంచిలోంచి ఒక గుప్పెడు తీసి బల్లమీద పోసింది. ఒకటి దొర్లుకుంటూ డాక్టర్ గారి దాకా పోయింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఒక్కోటి అల్లడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఒక గుండీ సేపు పడుతుంది అమ్మా."

"గడియారం ప్రకారం?"

"గడియారం మా ఆయనది. నాకు తెలీదు."

ఆవిడ రిజిస్టరు చూసింది, కాగితం చూసింది. మణికట్టు మీది వాచీ తిప్పుకుంది. "ఇక్కడ కూర్చుని ఒకటి చెయ్యండి."

రఖియా ముగ్గురు పిల్లలూ, బా ఖద్దూర్ కాళ్ళూ, ఆరింటి కుర్చీ, అన్నీ వచ్చి ఆ సూదిమొన మీద కూర్చున్నాయి. లల్లా తామో దారం తెంపి, సూదిలోకి ఎక్కించబోయింది. ఎక్కలేదు. నాలికతో తడిపి మళ్ళీ పెట్టింది. ఎక్కలేదు. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని ఎక్కించిన మనిషి. నేను ఎక్కిస్తానని చెయ్యి చాపబోతే గొలుసావిడ వేలు చూపించింది. చెయ్యి నా ఒళ్ళోకి తిరిగొచ్చింది.

మూడోసారికి ఎక్కింది. అప్పుడు ఆవిడ కిటికీ వైపు తిరిగి, మమ్మల్నందర్నీ మర్చిపోయినట్టు అల్లడం మొదలుపెట్టింది. వాచీ చప్పుడు వినిపించింది. నాకైతే ఆ గుండీ అయ్యేలోపు బయట చెర్రీల కాలం అయిపోయి ఆలివ్‌ల కాలం వచ్చిందనిపించింది. చివరి ముడి వేసి, పంటితో కొరికి, బల్లమీద పెట్టింది.

"సూది ఎక్కాక, అయిదు నిమిషాలు. పది సెకన్లు ఎక్కువ" అంది గొలుసావిడ. రిజిస్టరులో వేలు పెట్టి పక్కనున్నాయనకి చూపించింది. నేను తలకిందులుగా చదివాను. మొదటి ఫోన్ తొమ్మిదీ పది. రెండోది తొమ్మిదిన్నర. మూడోవారికి తొమ్మిదీ నలభై, తొమ్మిదీ యాభై, పది. లల్లా తామో సెల్‌కి పదీ పది.

"మీరు ఈ రిజిస్టరు ఎప్పుడైనా చూశారా?"

"చూస్తే మాత్రం, నాకు చదవడం రాదు కదమ్మా."

"ఎదురుగా కూర్చున్న మనిషికి ఫోన్ చేసిందా?"

"చేసింది. నేను నవ్వబోతే, 'రూలు లల్లా, ఎత్తండి' అంది."

పక్కనున్నాయన మీసం కింద ఏదో కదిలింది. గొలుసావిడ మొహంలో ఏమీ కదల్లేదు. నావైపు తిరిగింది.

"కోడిపుంజు ఫిర్యాదు కూడా నువ్వు రాసిందేనా?"

"అవునండీ."

"ఊఁ" అంది. రాసుకుంది. "సరే. మీరిద్దరూ వెళ్ళొచ్చు."

తలుపు దాకా వచ్చాక నా నోట్లో ఒక వాక్యం తయారైపోయి నిలబడింది. మీరు న్యాయం చేస్తారని తెలుసు, అందుకు ముందుగానే... పళ్ళు బిగించి లోపలికి మింగేశాను. గింజ పక్కన పడింది. లల్లా తామో మాత్రం ఆగి వెనక్కి తిరిగింది.

"నేను అల్లేదాకా ఎవరూ తొందరపెట్టలేదు. దానికి థాంక్స్ అమ్మా" అంది. అంతే.

ఆ సాయంత్రం కబురేం రాలేదు. కమిటీ జీపు ఎక్కి వెళ్ళిపోయింది. నిర్ణయం కాగితం మీద వస్తుందన్నారు. ఎప్పుడు వస్తుందో ఎవరూ అనలేదు.

శుక్రవారం అయిదున్నరకి తెల్లారింది. బా ఖద్దూర్ దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు. పిలవకపోతే అదే దుప్పటితో ఫెజ్ టాక్సీ స్టాండుకి పోవచ్చని. లల్లా తామో ఆయనకి ఒక పక్క, నేను ఇంకో పక్క. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. కేంద్రం తలుపు ముందు ఆరుగురు పేషెంట్లు. బోర్డు మీద కొత్త కాగితం అంటించి ఉంది. నా కళ్ళు దాని దాకా వెళ్ళనన్నాయి. లల్లా తామో నా మోచెయ్యి పొడిచి "చదువు" అంది. నేను చదువుతానన్నాను, చదవలేకపోయాను. అక్షరాలన్నీ కొండల్లా కనిపించాయి.

తలుపు తెరుచుకుంది. రఖియా. తెల్లకోటు, చేతిలో లిస్టు.

సోమవారం నుంచి ముట్టుకోవద్దన్న లిస్టు మళ్ళీ ఆవిడ చేతిలో ఉంది. నేను అది చూసి ఊపిరి సగం పీల్చాను.

ఆవిడ ఒక పేరు పిలిచింది. ఇంకో పేరు పిలిచింది. మూడు. నాలుగు. బా ఖద్దూర్ దుప్పటిని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"ఖద్దూర్. అయిదో కుర్చీ. వద్దన్న నారింజపండ్లేమైనా తిన్నావా?"

"లేదు కూతురా."

"అబద్ధం ఆడితే మెషీన్ చెబుతుంది. రా."

ఆయన లోపలికి వెళ్ళాడు. లల్లా తామో గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. సంచిలోంచి దారం తీసింది, సూదిలోకి ఒక్కసారికే ఎక్కింది.

నేను జేబులోంచి మడత పెట్టిన చిన్న కాగితం తీశాను. గురువారం మధ్యాహ్నం నుంచి దాన్ని పద్నాలుగుసార్లు రాశాను. ప్రతిసారీ పొట్టి అయింది. రఖియా వెనక్కి తిరగబోతుంటే అందించాను. ఆవిడ పాము పిల్లని అందుకున్నట్టు రెండు వేళ్ళతో అందుకుంది.

"ఏంటిది?"

"మీకే."

విప్పి చదివింది. 'సోమవారం మీరు ఇంకెక్కడికీ పోకుండా ముందు నా దగ్గరికొచ్చి నన్నే అడిగారు. అందుకు థాంక్స్. మీ పేరు పాడు చేసినందుకు క్షమించండి. ఇల్హామ్.'

"ప్రతులు ఎవరెవరికి?" అంది.

"ఎవరికీ లేవు."

"జిల్లా ఆఫీసుకి?"

"లేదు."

"గవర్నరుకి?"

"లేదండీ, వల్లాహ్, ఒట్టు."

ఆవిడ కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. ఖాళీగా ఉంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఇంకోసారి చూసింది. మడిచి కోటు జేబులో పెట్టుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.